"రెండు వేళ్ళు" అంటే ఉంచమనా, తియ్యమనా? మా బాబాయి కటింగ్ షాపులో ఒక ఆదివారం

వశిష్ట ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

మాది రాజోలు దగ్గర ఊరు. మా బాబాయికి కాలవ గట్టు మీద కటింగ్ షాపు ఉంది. రెండు కుర్చీలు, ముందొక అద్దం, వెనకొక అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోడానికి పొడుగాటి బల్ల. నేను సెలవుకి ఊరెళ్ళినప్పుడల్లా ఆదివారం అక్కడే ఉంటాను. తువ్వాళ్ళు అందిస్తాను, కింద పడ్డ జుట్టు ఊడుస్తాను, స్ప్రే సీసాలో నీళ్ళు నింపుతాను. మంగళవారం షాపు మూస్తారు కాబట్టి ఆదివారం, సోమవారం జనం విరగబడతారు. మొన్న ఆదివారం జరిగింది మీతో చెప్పాలనిపించింది, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పొద్దున్న ఆరున్నరకి మొదట వచ్చింది మాస్టారు. ఆయన కుర్చీలో కూర్చుని, "ఒరేయ్, నేను కటింగ్ చేయించుకున్నట్టు ఎవరికీ తెలియకూడదు" అన్నారు. ఎప్పుడూ ఆయన మాట అదే. బాబాయి ఆయన మెడ దగ్గర కత్తి పెట్టడు. చెవి చుట్టూ గీత తియ్యడు. దువ్వెన మీదుగా కత్తెరతో పైపైన తీస్తాడంతే. ఎందుకని అడిగితే చూపించాడు. ఎండకి మాస్టారి మెడ నల్లబడింది. జుట్టు కింది అంచు ఒక్క గీత పైకి జరిపినా, ఎండ తగలని తెల్లటి చర్మం బయటపడుతుంది. ఆ తెల్ల గీతే ఊరందరికీ చెప్పేస్తుంది, ఈయన ఇవాళ షాపుకెళ్ళాడని. గుండు చేయడానికి పది నిమిషాలు పడితే, ఏమీ చేయనట్టు చేయడానికి అరగంట పట్టింది.

తర్వాత ఇంటర్ చదివే కుర్రాడు. "అన్నా, పక్కలు జీరో కొట్టెయ్, పైన ముట్టుకోకు. కానీ ఇంటికెళ్ళాక మా నాన్నకి మామూలు కటింగ్‌లాగే కనపడాలి." బాబాయి నవ్వలేదు, కాదనలేదు. నడినెత్తి జుట్టు క్లిప్పుతో పైకి పెట్టి, దాని కిందే మెషిన్ నడిపాడు. పై జుట్టు కిందికి దువ్వితే పక్కలు మూసుకుపోయి బుద్ధిమంతుడు, వెనక్కి దువ్వితే హీరో. ఆ అబ్బాయి అద్దంలో మూడుసార్లు అటూ ఇటూ దువ్వుకుని సరిచూసుకుని వెళ్ళాడు.

ఆ వెనకే కొబ్బరి కాయల వ్యాపారం చేసే పెద్దాయన. "ఉన్నవి ముట్టుకోకు. లేనిచోటు కనపడకూడదు." ఇంక చేసేదేముంది, పౌడరు రాసి పంపాలా అనుకున్నాను. కానీ బాబాయి ఆయన చెవుల పైన, వెనకా బాగా పొట్టిగా తీశాడు. పక్కలు ఒత్తుగా ఉంటే నడినెత్తి ఇంకా పలచగా కనపడుతుందట. పక్కలు తగ్గిస్తే రెండూ దగ్గరదగ్గరగా కనపడతాయట. పెద్దాయన చెయ్యి పెట్టి తడుముకుని, "ఆయ్, బాగుందిరా" అన్నారు.

ఇక అసలు కథ. పదిన్నరకి రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒకాయన వచ్చాడు. మాకు వరసకి బావ అవుతాడు. ఎనిమిదేళ్ళుగా బాబాయి దగ్గరే చేయించుకుంటాడు. మూడు నెలలకోసారి వస్తాడు, కూర్చుంటాడు, "రెండు వేళ్ళు మామయ్యా" అంటాడు, కళ్ళు మూసుకుని నిద్రపోతాడు. ఎనిమిదేళ్ళలో ఒక్క గొడవ లేదు.

ఈసారి ఆయన భార్య కడుపుతో ఉందని జుట్టు తీయించుకోలేదు. పురుడయ్యాకే వచ్చాడు, అంటే కిందటి కటింగ్ అయిన ఆరు నెలలకి. మర్నాడు బారసాల, ఇంటినిండా చుట్టాలు, ఫోటోగ్రాఫర్‌ని కూడా మాట్లాడారు. కూర్చుని "రెండు వేళ్ళు మామయ్యా" అని ఎప్పటిలాగే కళ్ళు మూశాడు. బాబాయి కూడా ఎప్పటిలాగే చేశాడు.

లేచి అద్దం చూసుకుని ఒక్క కేక పెట్టాడు. "ఇదేంటి మామయ్యా! రెండు వేళ్ళు తియ్యమన్నాను కదా!"

బాబాయి అంతకంటే గట్టిగా, "రెండు వేళ్ళు ఉంచమన్నావు కదరా! ఎనిమిదేళ్ళుగా ఉంచుతూనే ఉన్నాను కదా!"

షాపులో అందరూ లేచి నిలబడ్డారు. నేను చీపురు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కింద పడున్న జుట్టు చూస్తే నిజంగానే నాలుగు వేళ్ళ పొడుగుంది. బావ తలమీద ఉన్నది రెండు వేళ్ళు.

మీరే చెప్పండి. ఎనిమిదేళ్ళు సరిపోయిన మాట ఇవాళ ఎందుకు చెడింది? తప్పు ఎవరిది?

---

కొబ్బరాకు పందిరి

"ఉన్నవి ముట్టుకోకు, లేనిచోటు కనపడకూడదు." మా మావగారు అచ్చంగా ఇదే మాట అంటారండీ. అంబాజీపేటలో ఆయనకి ఒక్కడే కుదిరాడు, అతను పెళ్ళికెళ్తే ఈయన పెళ్ళి మానేస్తారు.

బావ సంగతి తర్వాత ఏమైంది? బారసాలలో ఆ బుజ్జిగాడు తండ్రిని గుర్తుపట్టాడా లేదా?

---

గేర్ బాక్స్

దీనికి ఇంత చర్చ ఎందుకండీ. వేళ్ళు, కొంచెం, మీడియం లాంటి మాటలు మానేసి నంబరు చెప్పాలి. మెషిన్‌కి తొడిగే క్లిప్పుల మీద నంబర్లుంటాయి. 2 అంటే 2 మిల్లీమీటర్లు, 4 అంటే 4 మిల్లీమీటర్లు. ఇంత సులువైనది ఉంచుకుని వేళ్ళతో కొలవడమేంటి? నేను భీమవరంలో ఎక్కడికెళ్ళినా పక్కలు 3, పైన 6 అంటాను, అయిపోతుంది.

---

నలభై ఏళ్ళ కత్తెర

నాది పాలకొల్లు. పద్నాలుగేళ్ళప్పుడు మా నాన్న చేతికి దువ్వెన ఇచ్చాడు, ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు. ఈ కథ చదివి పొద్దున్నించీ నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఎందుకంటే నాకూ ఇది జరిగింది.

ముందు నంబర్ల గురించి. గేర్ బాక్స్ గారు చెప్పినట్టు నంబరు మంచిదే, పక్కలకి నేనూ అదే అడుగుతాను. కానీ 2 అంటే 2 మిల్లీమీటర్లు కాదు బాబూ. షాపుల్లో వాడే క్లిప్పుల లెక్క అంగుళంలో ఎనిమిదో వంతు. నంబర్ 1 అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 4 అంటే అరంగుళం, దాదాపు 13. ఇంట్లో వాడుకునే గడ్డం ట్రిమ్మర్లలో కొన్నిటికి తిప్పే చక్రం మీద నేరుగా మిల్లీమీటర్లే ఉంటాయి. మీరు దాన్ని చూసి ఉంటారు. ఇంట్లో 3 చూసుకుని షాపులో 3 అడిగితే మూడింతల జుట్టు మిగులుతుంది. అది పరవాలేదు. తిరగేసి అనుకున్నవాడి గతే కష్టం.

ఇంకొకటి, మామూలు క్లిప్పులు నంబర్ 8తో ఆగిపోతాయి. అంటే ఒక అంగుళం. ఆ పైన ఉంచాలంటే కత్తెర, దువ్వెన, వేళ్ళే. కాబట్టి ఆ బావగారికి నంబరు లేదు.

ఇప్పుడు అసలు విషయం. మేము నెత్తి మీద జుట్టు ఎలా తీస్తాం? దువ్వెనతో జుట్టు ఎత్తి, ఎడమచేతి చూపుడువేలికీ నడివేలికీ మధ్య పట్టుకుంటాం. వేళ్ళ పైకి వచ్చింది కత్తిరిస్తాం. నా వేళ్ళు ఆయన నెత్తి మీద ఆనించే ఉంటాయి. కాబట్టి నాకు "రెండు వేళ్ళు" అంటే నా వేళ్ళ కింద మిగిలేదే. కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలో చూసేది జుట్టు కొసలు. ఆయనకి రెండు వేళ్ళు అంటే కొసల నుంచి పోయేది. ఒక్క మాటే, కానీ ఆయన పై నుంచి కొలుస్తున్నాడు, మేము కింద నుంచి కొలుస్తున్నాం.

మరి ఎనిమిదేళ్ళు ఎలా సరిపోయింది? రెండు వేళ్ళ వెడల్పు ఒకటిన్నర అంగుళం అనుకోండి. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. ఆయన మూడు నెలలకోసారి వస్తాడన్నారు. కిందటిసారి ఒకటిన్నర ఉంచారు, మూడు నెలల్లో ఇంకో ఒకటిన్నర పెరిగింది, మొత్తం మూడు. మూడంగుళాల జుట్టులో రెండు వేళ్ళు తీసినా, రెండు వేళ్ళు ఉంచినా మిగిలేది ఒకటే! ఎనిమిదేళ్ళూ ఇద్దరూ వేరే వేరే మాటలు అనుకుంటూ ఒకే కటింగ్‌కి చేరారు.

ఈసారి ఆరు నెలలు ఆగాడు. ఒకటిన్నరకి మూడు కలిస్తే నాలుగున్నర. ఆయన లెక్కలో మిగలాల్సింది మూడంగుళాలు. మీ బాబాయి లెక్కలో మిగలాల్సింది ఒకటిన్నర. తేడా బయటపడింది. కింద పడ్డది నాలుగు వేళ్ళ పొడుగని మీరే రాశారు, లెక్క సరిపోయింది చూడండి.

తప్పెవరిదని అడిగారు. కత్తెర ఎవరి చేతిలో ఉంటే అడగాల్సింది వాళ్ళే, అది నా మాట. కూర్చోగానే నేను మొదట అడిగేది "కిందటిసారి ఎప్పుడు చేయించుకున్నారు?" అని. ఆరు నెలలన్న మాట చెవిన పడితే మీ బాబాయి చెయ్యి ఆగేది.

---

వశిష్ట ఒడ్డు

కత్తెర గారూ, మీ పోస్టు బాబాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎడమచేతి రెండు వేళ్ళూ కళ్ళ ముందు పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఎనిమిదేళ్ళురా" అన్నాడు. మీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

పందిరి గారూ, బుజ్జిగాడు తండ్రిని చూడగానే ఏడుపు లంకించుకున్నాడు. అమ్మమ్మ ఎత్తుకుంటే ఆపాడు. పురోహితుడు కూడా మొదట "తండ్రి ఎక్కడ?" అని తండ్రినే అడిగారట.

---

బోరు నీళ్ళు

అందరికీ నమస్కారం. నాకు కూడా ఇదే సమస్య ఉంది. రెండు వేళ్ళు జుట్టులో పెట్టి లాగితే పది వెంట్రుకలు వస్తున్నాయి. మాది సముద్రం పక్క ఊరు, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ కూడా రాదు. నీళ్ళ వల్లే ఊడుతోందా? ఏ నూనె వాడాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

---

కొబ్బరాకు పందిరి

బోరు నీళ్ళు గారూ, ఇది జుట్టు ఊడటం గురించి కాదండీ, కటింగ్ షాపు కథ. అయినా అడిగారు కాబట్టి, తలస్నానం రోజున ఆఖరి రెండు చెంబులైనా మంచినీళ్ళు పోసుకుని చూడండి, జుట్టు బిరుసెక్కకుండా ఉంటుంది. మా ఊళ్ళో అందరం అలాగే చేస్తాం. ఊడటం ఆగకపోతే మాత్రం చర్మం డాక్టరుకి చూపించుకోండి.

---

ఇద్దరు మగపిల్లల తల్లి

మీ అందరివీ ఒక్క మనిషి, ఒక్క మాట. మా ఇంట్లో ఒక్క తల, నాలుగు మాటలు.

మా పెద్దాడికి తొమ్మిదేళ్ళు. పోయిన నెల వాళ్ళ నాన్నతో షాపుకి పంపాను. వాళ్ళ నాన్న "సమ్మర్ కటింగ్ చేసెయ్యండి, మూడు నెలలు మళ్ళీ రాకూడదు" అన్నారట. వాడు జేబులోంచి వాళ్ళ నాన్న ఫోనే తీసి ఒక క్రికెటర్ ఫోటో చూపించాడట. ఈలోగా నేను ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టమని, "చెవుల మీద వరకే తియ్యండి, ముందు ముట్టుకోకండి, శుక్రవారం స్కూల్లో ఫోటో ఉంది" అన్నాను. మా అత్తగారు నా పక్కనుంచి, "వాడికి రెండు సుళ్ళు, వెనక పొట్టిగా తియ్యొద్దని చెప్పు, సుళ్ళు కనపడితే రెండు పెళ్ళిళ్ళని అందరూ ఆటపట్టిస్తారు" అని అరిచారు. అదీ వినపడింది.

ఆ షాపతను పాపం అన్నీ విన్నాడు. కుర్చీ మీద చెక్క పలక వేసి వాణ్ణి కూర్చోపెట్టి, నాలుగూ చేశాడు! పక్కలు సమ్మర్, ముందు క్రికెటర్, చెవుల మీద నేను చెప్పినట్టు, వెనక సుళ్ళు మూసేలా. విడివిడిగా చూస్తే ఒక్క తప్పు లేదు. అంతా కలిపి చూస్తే ముందు నుంచి ఒక పిల్లాడు, వెనక నుంచి ఇంకో పిల్లాడు. శుక్రవారం ఫోటోలో సుడి దగ్గర జుట్టు కోడిపుంజు తోకలా నిలబడింది.

నా ప్రశ్న ఏమిటంటే, ఇలాంటప్పుడు షాపతను ఎవరి మాట వినాలి? డబ్బులిచ్చేవాళ్ళదా, తల ఉన్నవాడిదా? నాకు మాత్రం తల్లి మాటే వినాలనిపిస్తుంది.

---

గేర్ బాక్స్

తల ఎవరిదో వాళ్ళ మాటే. తొమ్మిదేళ్ళంటే చిన్నవాడేం కాదండీ.

కత్తెర గారూ, క్లిప్పుల లెక్క చెప్పినందుకు థాంక్స్. ఇంట్లో ట్రిమ్మర్ చూశాను, మీరన్నట్టు మిల్లీమీటర్లే ఉన్నాయి. షాపులో 3 అన్నప్పుడల్లా ఇంట్లో చేసుకున్నదానికంటే గుబురుగా ఎందుకుంటోందో ఇప్పుడు అర్థమైంది. కానీ ఒక విషయంలో నేను మీతో ఒప్పుకోను. జుట్టు తడిపి కత్తిరించడం వల్లే చాలా గొడవలు వస్తాయి. తడిసినప్పుడు సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, ఆరాక పైకి లేచి కూర్చుంటుంది. పొడిగానే తియ్యాలి.

---

నలభై ఏళ్ళ కత్తెర

అమ్మా, మీవాడి కోడిపుంజు తోక సంగతి చెప్తాను. సుడి దగ్గర జుట్టు గుండ్రంగా తిరిగి మొలుస్తుంది. అక్కడ రెండు దారులే ఉన్నాయి. బరువుకి పడుకునేంత పొడుగు ఉంచాలి, లేదా నిలబడినా తెలియనంత పొట్టిగా తియ్యాలి. మధ్యలో ఆగితే నిలబడుతుంది. మీ అత్తగారు పొట్టిగా వద్దన్నారు, మీ ఆయన సమ్మర్ అన్నారు. అతను ఇద్దరికీ సమాధానం చెప్పాలని మధ్యలో ఆగాడు, ఏ సుడీ ఒప్పుకోని కొలత అది. రెండు సుళ్ళుంటే వాటి మధ్య జుట్టు ఇటూ అటూ గుద్దుకుని ఇంకా లేస్తుంది. రెండు పెళ్ళిళ్ళ మాట నేను నమ్మను. నాకూ రెండు సుళ్ళే, నలభై మూడేళ్ళుగా మా ఆవిడ ఒక్కతే.

ఎవరి మాట వినాలంటే, నేను పిల్లల విషయంలో ఫోన్ మాట్లాడను. దగ్గరున్న పెద్దవాళ్ళని అడిగి, ఆ తర్వాత పిల్లాణ్ణి ఒక్కటే అడుగుతాను, "నీకు ఏది వద్దు?" అని. ఏది కావాలంటే వంద చెప్తారు. ఏది వద్దంటే ఒకటే చెప్తారు. ఆ ఒక్కటి చెయ్యకపోతే ఏడవకుండా దిగుతారు.

తడి, పొడి గురించి గేర్ బాక్స్ గారు చెప్పినదాంట్లో నిజముంది. తడిసిన జుట్టు సాగుతుంది, ఆరాక దగ్గరపడుతుంది. ఉంగరాల జుట్టైతే మరీను. అందుకే ఉంగరాలున్నవాళ్ళకి నేను అరవేలు ఎక్కువే ఉంచుతాను. కానీ పొడి జుట్టు వేళ్ళ మధ్య జారిపోతుంది, గీత తిన్నగా రాదు. ఉప్పుగాలి తగిలి జిడ్డు పట్టిన జుట్టైతే దువ్వెనకే లొంగదు. నేను తడిపే తీస్తాను.

---

గేర్ బాక్స్

మీ అనుభవానికి నమస్కారం కానీ, నా తల మీద పొడిగానే.

---

మస్కట్ బాబాయ్

పదకొండేళ్ళు మస్కట్‌లో ఉన్నాను. మాది మలికిపురం వైపు. అక్కడ మా రూమ్ కింద షాపులో కటింగ్ చేసే అతను బంగ్లాదేశ్ నుంచి వచ్చాడు. అతనికి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు, ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. మొదటిసారి నేను "తోడా తోడా" అన్నాను. కొంచెం తియ్యమని నా ఉద్దేశం. కొంచెమే ఉంచమని అతనికి అర్థమైంది. ఆ నెల అంతా టోపీ పెట్టుకుని డ్యూటీ చేశాను. ఇంటికి వీడియో కాల్ చేస్తే మా అమ్మ "ఏ మొక్కు తీర్చుకున్నావురా, మాకు చెప్పకుండా?" అని అడిగింది.

ఇప్పుడు ఈ రెండు వేళ్ళ కథ చదువుతుంటే అర్థమైంది. "కొంచెం" అన్నమాటకి కూడా అదే రోగం ఉంది. పోయేది కొంచెమా, ఉండేది కొంచెమా?

తర్వాత ఒక పద్ధతి కుదిరింది. నా జుట్టు బాగున్న రోజున ముందు, పక్క, వెనక మూడు ఫోటోలు తీయించి ఫోన్‌లో ఉంచుకున్నాను. సినిమావాళ్ళ ఫోటో కాదు, నా తల ఫోటోనే. అది చూపిస్తే ఏ భాషవాడైనా అచ్చంగా అలాగే చేస్తాడు. వేరేవాళ్ళ ఫోటో చూపిస్తే వాళ్ళ జుట్టు రావాలి కదా, మన జుట్టుకి ఆ ఒత్తు, ఆ వంపు ఎక్కడినుంచి వస్తాయి?

---

అరుగు మీద తాతయ్య

మనవరాలు చదివి వినిపిస్తుంటే నేను చెప్పగా తనే రాస్తోంది.

మా చిన్నతనంలో షాపులు లేవు. కటింగ్ చేసే అతనే పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళం, తాత నుంచి మనవడి దాకా. పెట్టెలో కత్తి, కత్తెర, సానరాయి, పటిక, చేత్తో నొక్కే మెషిన్. ఆ మెషిన్ పళ్ళు మొద్దుబారితే వెంట్రుక తెగేది కాదు, పీకేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. డబ్బులు అప్పటికప్పుడు ఇచ్చేది లేదు, పంట చేతికొచ్చాక ఏడాదికి ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచేవాళ్ళు.

ఎలా తియ్యాలని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా నాయనమ్మ లోపలినుంచి "అందరికీ ఒకటే" అని ఒక్క మాట అనేది. అంతే. తొమ్మిది తలలు ఒకేలా ఉండేవి. బళ్ళో మాస్టారు వెనకనుంచి పిలిస్తే మా ఇంటి పిల్లలం ముగ్గురం ఒకేసారి లేచి నిలబడేవాళ్ళం.

అయితే ఒకటి చెప్పాలి. ఆ కటింగ్ చేసే ఆయన మా అందరి తలల్లో ఎక్కడ మచ్చ ఉందో, ఎవరికి ఎక్కడ సుడి ఉందో చూడకుండానే చెప్పగలిగేవాడు. నాకు కుడిచెవి వెనక చిన్నప్పుడు చింతకొమ్మ గీరుకున్న మచ్చ ఉంది. నలభై ఏళ్ళ తర్వాత ఊరెళ్తే, చూపు మందగించిన మనిషి నా చెవి వెనక వేలు పెట్టి చూసి, పేరు పెట్టి పిలిచాడు.

---

ఇద్దరు మగపిల్లల తల్లి

తాతయ్యగారూ, మీ ఆఖరి మాట చదివి కళ్ళు చెమర్చాయి. మావాడిని ఇకనుంచి ఒకే షాపుకి పంపుతాను. ఫోన్ మాత్రం చెయ్యకుండా ఉండలేనేమో.

---

వశిష్ట ఒడ్డు

మూడు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. నిన్న ఆదివారం ఊళ్ళోనే ఉన్నాను, బావ వచ్చాడు.

అంతకుముందు బాబాయి చేసిన మార్పు చెప్పాలి. అద్దం పక్కన పాత క్యాలెండర్ అట్ట ఒకటి కట్టి, దానిమీద పొడుగాటి కొబ్బరీనె అతికించాడు. దానికి వేలికొక గీత చొప్పున ఆరు గీతలు పెట్టాడు. ఎవరు ఎన్ని వేళ్ళన్నా ఈనె చూపించి, "పోయేవా, ఉండేవా?" అని అడుగుతున్నాడు. కిందటి కటింగ్ ఎప్పుడని కూడా అడుగుతున్నాడు. మాస్టారిని అడిగితే, "అసలు చేయించుకోనే లేదుగా" అన్నారట. ఆయన మాట మీద ఆయన ఉన్నారు.

బావ కూర్చోగానే షాపంతా నిశ్శబ్దం. ఊళ్ళో అందరికీ తెలిసిన కథ కదా, బల్ల మీద కూర్చున్నవాళ్ళు పేపర్లు దించేశారు. బాబాయి దువ్వెనతో జుట్టు ఎత్తి ఈనె పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్ళు. అంటే మూడంగుళాలు.

"చెప్పరా అబ్బాయ్."

"రెండు వేళ్ళు మామయ్యా."

"పోయేవా, ఉండేవా?"

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. కత్తెర గారి లెక్క నేను అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాను కాబట్టి, బల్ల మీదనుంచి ఎవరో "ఇవాళ ఏదైనా ఒకటేరా!" అని అరిచారు. షాపు షాపంతా ఘొల్లుమంది. బావ కూడా కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాడు. ఎనిమిదేళ్ళలాగే హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

బాబాయి స్ప్రే కొట్టి, జుట్టు ఎత్తి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కత్తెర తెరిచాడు. అప్పుడే వెనక అద్దంలో గుమ్మం దగ్గర అక్క కనపడింది. చంకలో బుజ్జిగాడు. బావ నిద్రపోతున్నాడని చూసుకుని, ఆవిడ బాబాయికి సైగ చేసింది, ఒక్క వేలు చూపించి.

బాబాయి కత్తెర అలాగే ఆపాడు. "పోయేదా, ఉండేదా అమ్మా?" అన్నాడు.

బావ కళ్ళు తెరిచాడు. "ఏంటది?"

"ఏం లేదు, ఫోటోల్లో బాగోలేదని..." అని అక్క మొదలుపెట్టింది. "బాగోలేదన్నది ఎవరు?" అని బావ. "మా అమ్మ" అని అక్క. "మీ అమ్మకి నా జుట్టుతో ఏం పని?" అని బావ. ఈ గోలకి బుజ్జిగాడు చెయ్యి చాపి, తడిసిన ఆ నాలుగు వేళ్ళ జుట్టుని పిడికిలితో పట్టుకున్నాడు. వదల్లేదు.

బాబాయి కత్తెర పటిక పక్కన పెట్టేసి, "మీ ముగ్గురూ తేల్చుకోండి, నేనీలోగా పక్క కుర్చీ చూస్తాను" అన్నాడు. కొబ్బరి వ్యాపారం పెద్దాయన అప్పటికే పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఉన్నవి ముట్టుకోకు" అన్నారు.